రోగి కోసం నర్సుకు టీకా

వృద్ధుల వార్డులో పనిచేసే నర్సును ఒకసారి ఊహించుకోండి. పొద్దున్నే వచ్చి ఒకరికి బీపీ చూసింది, ఒకరిని పక్కకు తిప్పి పడుకోబెట్టింది, ఇంకొకరికి స్పూనుతో జావ తాగించింది. ప్రతిసారీ ఆమె ముఖం రోగి ముఖానికి మూరెడు దూరంలోనే ఉంది. ఒళ్లు కాస్త బరువుగా అనిపిస్తే నిద్ర చాలలేదేమో అనుకుంది. జ్వరం రాత్రికి గానీ రాలేదు. ఫ్లూ వైరస్ మాత్రం జ్వరానికి దాదాపు ఒక రోజు ముందు నుంచే ఆమె ఊపిరిలోంచి బయటికి వస్తోంది.

‘ఒంట్లో బాగోకపోతే సెలవు పెడతాంగా, టీకా ఎందుకు?’ అని ఆసుపత్రి సిబ్బంది అడుగుతుంటారు. బాగోలేదని తెలిస్తేనే కదా సెలవు! 1993-94 చలికాలం తర్వాత స్కాట్లండ్‌లోని గ్లాస్గో ఆసుపత్రుల్లో 518 మంది సిబ్బంది రక్తం పరీక్షించారు. 120 మందికి ఆ సీజన్‌లో ఫ్లూ సోకినట్లు తేలింది. వాళ్లలో సగానికి పైగా తమకు ఫ్లూ వచ్చిన సంగతే గుర్తులేదన్నారు. నాలుగో వంతుకు పైగా మందికి జలుబు, దగ్గు వచ్చినట్లు కూడా గుర్తులేదు.

అలాంటప్పుడు టీకా రోగికే వేస్తే పోదా? వేయాల్సిందే. కానీ చిక్కంతా అక్కడే ఉంది. టీకా వేశాక మన ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ యాంటీబాడీలను తయారుచేసుకోవాలి. ముసలివాళ్లలో, కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్లలో ఆ శక్తే సన్నగిల్లి ఉంటుంది. రక్షణ ఎవరికి ఎక్కువ కావాలో వాళ్ల మీదే టీకా తక్కువ పనిచేస్తుంది. అందుకే మంచం దగ్గరికి వచ్చిపోయే ఆరోగ్యవంతులకూ వేయాలి.

ఒకసారి వేస్తే చాలదు. ఫ్లూ వైరస్ ఏటా కొద్దికొద్దిగా రూపు మార్చుకుంటుంది. పాత టీకా ఇచ్చిన బలమూ నెలలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. కొత్త టీకా పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది కాబట్టి సీజన్‌కు ముందే వేయించుకోవాలి. మన దగ్గర ఫ్లూ వానాకాలంలో ఒకసారి, చలికాలంలో ఒకసారి పుంజుకుంటుంది.

సిబ్బందికి వేస్తే రోగులకు మేలు జరుగుతుందా అన్నది స్కాట్లండ్‌లోనే పరీక్షించి చూశారు. 20 వృద్ధుల ఆసుపత్రులను తీసుకుని, సగం చోట్ల సిబ్బందికి టీకా ఇస్తామన్నారు. అక్కడ సగం మంది వేయించుకున్నారు. మిగతా చోట్ల వేయించుకున్నది 5 శాతమే. టీకా ఇచ్చిన ఆసుపత్రుల్లో ఆ చలికాలం 13.6 శాతం రోగులు చనిపోగా, మిగతా చోట్ల 22.4 శాతం చనిపోయారు. 2000లో ఈ ఫలితాలు ‘లాన్సెట్’ పత్రికలో వచ్చాయి. అయితే ల్యాబ్ పరీక్షల్లో బయటపడిన ఫ్లూ కేసుల్లో మాత్రం రెండు వైపులా చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అందుకే మేలు ఎంత అన్నదానిపై పరిశోధకుల మధ్య వాదన ఇంకా నడుస్తోంది. టీకా కూడా వైరస్‌తో బాగా కుదిరిన ఏడాదే 40 నుంచి 60 శాతం దాకా కాపాడుతుంది.

మరి సిబ్బందిని ఒప్పించడం ఎలా? అమెరికాలో సియాటిల్‌లోని వర్జీనియా మేసన్ ఆసుపత్రి ఏళ్ల తరబడి ప్రచారం చేసినా 54 శాతం దాటలేకపోయింది. దాంతో 2005 నుంచి ఉద్యోగంలో ఉండాలంటే టీకా తప్పనిసరి అంది. ఆరోగ్య కారణాలతోనో, మత విశ్వాసాలతోనో మినహాయింపు పొందినవాళ్లు ఫ్లూ సీజనంతా మాస్కు పెట్టుకోవాలి. మొదటి ఏడాది 4,703 మందిలో 4,588 మంది వేయించుకున్నారు. తర్వాత నాలుగేళ్లూ అది 98 శాతం పైనే ఉంది. నర్సుల సంఘం మాత్రం ఊరుకోలేదు. తమతో మాట్లాడకుండా ఉద్యోగ షరతు ఎలా మారుస్తారని మధ్యవర్తి దగ్గరికి వెళ్లి గెలిచింది. 2007లో అప్పీలు కోర్టూ ఆ తీర్పునే నిలబెట్టింది.

తప్పనిసరి చేయని ఆసుపత్రులు వేరే దారులు పట్టాయి. టీకా ఎక్కడో ఆఫీసులో, పగటిపూట మాత్రమే ఉంటే రాత్రి డ్యూటీ వాళ్లకు అందదు. అందుకని ట్రాలీలో పెట్టుకుని వార్డు వార్డుకూ తిరిగి, డబ్బు తీసుకోకుండా వేస్తారు. వద్దనుకున్నవాళ్లు కారణం రాసి సంతకం పెట్టాలి. ఆ కారణాలు చదివితే ఏ భయం పోగొట్టాలో తెలుస్తుంది. ‘సూది వేయించుకుంటే ఫ్లూ వస్తుంది’ అన్నది తరచూ వినబడే భయం. సూదిమందులో బతికున్న వైరస్ ఉండదు, అది ఫ్లూ తెప్పించలేదు. ఒకటి రెండు రోజులు చెయ్యి నొప్పి, ఒక్కోసారి నలత, అంతే.

ఇంకో మెలిక ఉంది. టీకా వేయించుకున్న నర్సుకు కూడా ఒళ్లు వేడెక్కితే ఇంట్లోనే ఉండాలి. ఆ రోజుకు జీతం కోస్తారంటే ఆమె మాత్రలు మింగి డ్యూటీకి వచ్చేస్తుంది. అప్పుడు ట్రాలీ పడ్డ శ్రమ కొంత వృథా అయినట్టే.