గురువారం మూడింటికి గ్రంథాలయానికి రండి

అక్కలకు, వదినలకు, పిన్నమ్మలకు,

ఈ వారం నుంచి ప్రతి గురువారం మధ్యాహ్నం మూడింటి నుంచి నాలుగింటి దాకా మన ఊరి గ్రంథాలయంలో ఆడవాళ్లం కూర్చుని చదువుకుందాం. సాయంత్రం పాలు పితికే వేళకు ఇల్లు చేరవచ్చు. చదువు రాకపోయినా రండి. ఒకరు పైకి చదువుతారు, మిగతావాళ్లం వింటాం. చంటిపిల్లల్ని తెచ్చుకోవచ్చు.

మొదట సత్యం శంకరమంచి ‘అమరావతి కథలు’ తీస్తాం. కృష్ణ ఒడ్డున అమరావతి ఊరి మనుషుల మీద రాసిన నూరు కథలివి. ఒక్కోటి కొద్ది పేజీలే కాబట్టి గంటలో రెండు చదివి, మాట్లాడుకోవడానికీ వ్యవధి ఉంటుంది. పెద్ద కథ సగంలో ఆపితే, మరుసటి వారం రాలేనివాళ్లకు దారం తెగిపోతుంది. అందుకే పొట్టివాటితో మొదలు.

తర్వాత సోమరాజు సుశీల ‘ఇల్లేరమ్మ కథలు’. చిన్ననాటి ఇంటి ముచ్చట్లు మాట్లాడినట్టే ఉంటాయి. అక్షరాలు కూడబలుక్కునేవాళ్లు పైకి చదవడానికి ఇది సులువు. ఒక్కొక్కరు ఒక్క పేరా చదివితే చాలు. తడబడితే పక్కన కూర్చున్నవాళ్లు అందిస్తారు.

అలవాటు పడ్డాక కొండపల్లి కోటేశ్వరమ్మ ఆత్మకథ ‘నిర్జన వారధి’. బాల్య వితంతువుగా మొదలై, ఉద్యమంలో అజ్ఞాతవాసం, కాకినాడలో హాస్టల్ మేట్రన్ ఉద్యోగం దాకా సాగిన బతుకు. తొంభై దాటిన వయసులో 2012లో ఆమె దాన్ని అచ్చులో చూసుకున్నారు. ఇందులో దుఃఖం ఎక్కువ. వారానికి కొద్ది పేజీలే చదువుదాం. ఎవరికైనా బరువనిపిస్తే అక్కడే ఆపుదాం.

పుస్తకం ఇంటికి కావాలంటే రిజిస్టరులో పేరు రాయండి, సంతకం రాకపోతే నేను రాస్తాను.

మీ గ్రంథాలయ కార్యకర్త