మారుతండ్రి దత్తతకు కన్నతండ్రి సమ్మతి

మళ్లీ పెళ్లి చేసుకున్న స్త్రీకి మొదటి కాపురం వల్ల బిడ్డ ఉంటే, ఆ పెళ్లితో కొత్త భర్త ఆ బిడ్డకు చట్టప్రకారం తండ్రి అయిపోడు. ఫీజులు కట్టినా, జ్వరమొస్తే రాత్రంతా మేలుకున్నా, హిందూ వారసత్వ చట్టం ప్రకారం అతను వీలునామా రాయకుండా చనిపోతే ఆస్తి అతని సొంత పిల్లలకూ భార్యకూ తల్లికీ వెళుతుంది తప్ప, భార్య వెంట వచ్చిన బిడ్డకు వెళ్లదు. ఈ స్థితిని మార్చేది దత్తత ఒక్కటే. ఆ దత్తత నిలబడుతుందా లేదా అన్నది చాలాసార్లు కన్నతండ్రి సమ్మతి మీద ఆధారపడి ఉంటుంది. బిడ్డను మారుతల్లి దత్తత తీసుకునేటప్పుడు కన్నతల్లి విషయంలోనూ ఇదే సూత్రం.

కన్నతండ్రి చనిపోయి ఉంటే చిక్కు తక్కువ. అప్పుడు నిర్ణయం తల్లిదే. తాత, నానమ్మల సమ్మతి చట్టం అడగదు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2022 జులైలో ఈ సంగతి తేల్చి చెప్పింది. బిడ్డకు మూడు నెలలైనా నిండకముందే తండ్రి చనిపోయాడు, తల్లి మరుసటి ఏడాది మళ్లీ పెళ్లి చేసుకుంది. బిడ్డకు మొదటి భర్త ఇంటిపేరే ఉండాలని అత్తమామలు పట్టుబట్టారు. రికార్డుల్లో రెండో భర్తను ‘సవతి తండ్రి’ అని రాయాలని హైకోర్టు ఆదేశించింది. అలా రాయించడం బిడ్డ మనసు మీద చూపే ప్రభావాన్ని ఆలోచించకుండా చేసిన దాదాపు క్రూరమైన పని అని సుప్రీంకోర్టు తప్పుబట్టింది. తండ్రి లేని బిడ్డకు తల్లే సహజ సంరక్షకురాలు కాబట్టి, ఇంటిపేరు నిర్ణయించే హక్కు, బిడ్డను దత్తత ఇచ్చే హక్కు ఆమెవేనని చెప్పింది. ఆ కేసు నడుస్తుండగానే రెండో భర్త రిజిస్టరు దస్తావేజుతో బిడ్డను దత్తత తీసుకున్నాడు.

కన్నతండ్రి బతికి ఉంటే లెక్క మారుతుంది. హిందువులకు, బౌద్ధులకు, జైనులకు, సిక్కులకు వర్తించే 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టంలోని 9వ సెక్షన్ ప్రకారం బిడ్డను దత్తత ఇచ్చే హక్కు తల్లిదండ్రులిద్దరికీ సమానం. అయితే ఒకరి సమ్మతి లేకుండా రెండోవారు ఇవ్వకూడదు. సమ్మతి అక్కర్లేని సందర్భాలు మూడే: రెండోవారు సన్యాసం తీసుకుని సంసారాన్ని పూర్తిగా వదిలేసినప్పుడు, హిందూమతం విడిచిపెట్టినప్పుడు, మతిస్థిమితం లేదని కోర్టు ప్రకటించినప్పుడు. ‘బిడ్డ మొహం చూసి ఐదేళ్లయింది, పైసా పంపలేదు’ అన్నది ఎంత నిజమైనా ఈ మూడింటిలో లేదు. బిడ్డను పట్టించుకోని తండ్రికి కూడా చట్టం ఇంత బలమైన మాట మిగిల్చడం న్యాయంగా కనిపించదు. కానీ ప్రస్తుతం సెక్షన్ అలాగే ఉంది.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. విడాకుల తీర్పులో బిడ్డ కస్టడీ తల్లికి ఇచ్చారంటే బిడ్డ ఎవరి దగ్గర పెరగాలో తేల్చారని మాత్రమే అర్థం. తండ్రి తండ్రిగానే ఉంటాడు. పరస్పర అంగీకార విడాకుల్లో రాసుకునే రాజీ పత్రంలో ‘బిడ్డ విషయంలో నాకు ఎలాంటి అభ్యంతరం లేదు’ అని ఒక వాక్యం ఉంటే దాన్నే సమ్మతిగా చూపిస్తుంటారు. ఫలానా వ్యక్తికి దత్తత ఇవ్వడానికి ఒప్పుకుంటున్నానని, దానితో బిడ్డకూ తనకూ ఉన్న చట్టబంధం తెగిపోతుందని తనకు తెలుసని స్పష్టంగా రాసి ఇచ్చిన పత్రమైతేనే రేపు ఎవరైనా ప్రశ్నించినా నిలుస్తుంది.

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. గుంటూరులో నర్సుగా పనిచేసే ఒకామెకు తొమ్మిదేళ్ల పాప. విడాకుల్లో కస్టడీ ఆమెకు వచ్చింది, నెలకు రెండుసార్లు పాపను చూసే హక్కు హైదరాబాదులో ఉండే తండ్రికి దక్కింది. ఆమె చేసుకున్న రెండో భర్తకు 35 ఏళ్లు, మొదటి పెళ్లి వల్ల ఒక కూతురుంది. హిందూ దత్తత చట్టం కింద ఇతను పాపను దత్తత తీసుకోలేడు. కూతురున్న వ్యక్తి మరో ఆడపిల్లను దత్తత తీసుకోకూడదని 11వ సెక్షన్ అంటుంది. మగపిల్లవాడి విషయంలోనూ అంతే. పురుషుడు ఆడపిల్లను తీసుకుంటే ఇద్దరి మధ్య 21 ఏళ్ల తేడా ఉండాలని, ఆచారం లేకపోతే బిడ్డకు 15 ఏళ్లు నిండకూడదని కూడా అదే చట్టంలో ఉంది.

వీళ్లకు మిగిలింది 2015 నాటి బాలల న్యాయ చట్టం. దానికి మతంతో పని లేదు కాబట్టి ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకూ ఇదే దారి. భార్యాభర్తలిద్దరూ కలిసి కేంద్ర దత్తత సంస్థ ‘కారా’ వారి ఆన్‌లైన్ పోర్టల్‌లో నమోదు చేసుకుని పత్రాలు జతచేయాలి. వాటిలో కీలకమైనది నిర్ణీత నమూనాలో కన్నవారు, మారుతండ్రి ఇచ్చే సమ్మతి పత్రం. అంటే ఇక్కడ కూడా హైదరాబాదులోని తండ్రి సంతకం కావాల్సిందే. పాప వయసుకు తగ్గట్టు ఆమె ఇష్టాన్నీ తెలుసుకుంటారు. 2022 సెప్టెంబరు నుంచి ఉత్తర్వులు ఇచ్చేది కోర్టు కాదు, జిల్లా కలెక్టరే. ఈలోగా ఆ తండ్రి పాపను మరిన్ని రోజులు తన దగ్గర ఉంచుకోవాలని ఫ్యామిలీ కోర్టులో కస్టడీ పిటిషన్ వేస్తే, అది తేలేదాకా దత్తత ప్రక్రియ మొదలుకాదు.

తండ్రి సంతకం పెడితే ఏం జరుగుతుందో ఇద్దరికీ ముందే తెలిసి ఉండాలి. పాపను చూసే హక్కు, పోషణ ఖర్చు భరించే బాధ్యత రెండూ అతని నుంచి తొలగిపోతాయి. పాప అతని వారసురాలు కాదు. దత్తతకు ముందే పాప పేరున ఉన్న ఆస్తి ఆమెతోనే ఉంటుంది. పంపకాలు జరగని ఉమ్మడి ఆస్తిలో వాటా మాత్రం నిలవదు. దత్తత వెళ్లిన బిడ్డకు, అంతకుముందే భాగం పంచితే తప్ప, పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో హక్కు ఉండదని 2023లో తెలంగాణ హైకోర్టు ఫుల్ బెంచ్ తీర్పు చెప్పింది. కాబట్టి తండ్రి వైపు పొలమో ఇల్లో ఉంటే తల్లి ముందే ఆ లెక్క చూసుకోవాలి. ‘బాకీ మనోవర్తి వదులుకుంటే సంతకం పెడతాను’ అనే బేరానికి దిగడం ఇద్దరికీ ప్రమాదం. దత్తతకు ప్రతిఫలం పుచ్చుకోవడం నేరం.

తండ్రి ఒప్పుకోకపోతే? అతని బదులు సంతకం పెట్టగలవారు లేరు. ఏడేళ్లకు పైగా అతని గురించి వినవలసినవాళ్లెవరికీ ఏ కబురూ లేకపోతే, కోర్టు ద్వారా మరణించినట్టు ప్రకటన తెచ్చుకుని తల్లి ఒక్కతే ముందుకెళ్లవచ్చు. ఎక్కడో బతికే ఉన్నాడని తెలిస్తే ఆ దారి కూడా లేదు. అలాంటి కుటుంబాలు కొంత పని దత్తత లేకుండానే చక్కబెట్టుకోవచ్చు. మారుతండ్రి వీలునామా రాస్తే ఆస్తి సమస్య తీరుతుంది. పాస్‌పోర్టులో తల్లి పేరు ఒక్కటే రాయించుకునే వీలు 2016 డిసెంబరు నుంచి ఉంది.

సమ్మతి లేకుండా దస్తావేజు రాయించుకుని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ముద్ర వేయించుకున్నంత మాత్రాన తప్పు ఒప్పు కాదు. రిజిస్టరైన పత్రాన్ని, ఇచ్చినవారూ పుచ్చుకున్నవారూ సంతకం చేసి ఉంటే, కోర్టు మొదట నమ్ముతుంది. సమ్మతి లేదని రుజువైతే ఆ దత్తత చెల్లదు. ఇలాంటి సవాలు ఎక్కువగా మారుతండ్రి పోయాక, ఆస్తి పంచుకునే వేళ, అతని అన్నదమ్ముల నుంచో సొంత పిల్లల నుంచో వస్తుంది. అప్పటికి పాప పెద్దదై ఉంటుంది, కన్నతండ్రి ఒప్పుకున్నాడని చూపించాల్సిన అవసరం ఆమెకు రావచ్చు. అందుకే దత్తత దస్తావేజు రాయించుకునే ముందే ఆ సమ్మతి పత్రం చేతిలో ఉండాలి.