పెద్దల చేతికి వెళ్లే కాగితం ఎలా ఉండాలి?

అక్టోబరు చివరికొచ్చేసరికి బ్యాంకుల నుంచి పెన్షనర్లకు ఒక కబురు వస్తుంది. కేంద్ర ప్రభుత్వ పెన్షన్ తీసుకునేవారు ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఎనభై దాటినవారైతే అక్టోబరు 1 నుంచే ఇవ్వొచ్చు. ఆ కబురు తరచుగా ఇలా ఉంటుంది: ‘ప్రియమైన కస్టమర్, మీ పెన్షన్ నిలిచిపోకుండా ఉండాలంటే వెంటనే జీవన ధ్రువీకరణ పత్రం సమర్పించగలరు. ఆలస్యమైతే బ్యాంకు బాధ్యత వహించదు. ఈ లింకు నొక్కండి.’ కాగితం మీదైతే దీని కింద నిబంధనలు చీమల బారులా అచ్చయి ఉంటాయి. ఒక పక్కన చేతికర్ర పట్టుకుని నడుం వంగిన ముసలాయన బొమ్మ.

డెబ్బై అయిదేళ్ల మనిషి దీన్ని చేతిలోకి తీసుకుంటే ఏం జరుగుతుంది? పైన రెండు ముక్కలు చదివి, ‘ఇదేంటో చూడరా’ అంటూ కొడుక్కో, పక్కింటి కుర్రాడికో ఇస్తారు. సొంత డబ్బు గురించిన నిర్ణయం కూడా ఆ కాగితంతోపాటే చేయి మారుతుంది. వయసు పైబడినవారికి రాసే ఏ సంస్థయినా ముందు ఆలోచించాల్సింది ఇదే. చదివినవారు ఎవరినీ అడగక్కర్లేకుండా తమ పని తాము చేసుకోగలగాలి.

అక్షరాల సంగతి మొదట చూద్దాం. నలభై దాటాక దగ్గరి చూపు తగ్గుతుందని అందరికీ తెలుసు. కళ్లద్దాలు ఆ లోటును కొంత తీరుస్తాయి. అద్దాలతో తీరనివి ఇంకొన్ని ఉన్నాయి. వయసుతోపాటు కంటిలోని కటకం పసుపు రంగుకు తిరుగుతుంది, కంటిపాప చిన్నదవుతుంది. దాంతో కంటి లోపలి తెర మీద పడే వెలుతురు తగ్గుతుంది. అరవై ఏళ్ల వ్యక్తి కంటికి అందే వెలుతురు, ఇరవై ఏళ్ల వ్యక్తికి అందేదానిలో సుమారు మూడోవంతే. అందుకే తెల్లకాగితం మీద లేత బూడిదరంగు అక్షరాలు పెద్దవాళ్లకు ఆనవు. నీలం, ఊదా, ఆకుపచ్చ ఛాయలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. నున్నటి మెరుపు కాగితమైతే దీపం వెలుగు తిరిగి కళ్లలోకే కొడుతుంది. వెబ్ పేజీల అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం మామూలు అక్షరానికీ వెనకున్న రంగుకీ కాంతి తేడా కనీసం 4.5:1 నిష్పత్తిలో ఉండాలి. పెద్దల కోసమైతే 7:1 పెట్టుకోవడం మేలు. తెలుపు మీద నలుపు, లేత పసుపు మీద నలుపు ఈ కొలతను సులువుగా దాటతాయి.

తెలుగుకు మరో చిక్కుంది. ఇంగ్లిష్ అక్షరం ఒక గీత మీద కూర్చుంటుంది. మన అక్షరానికి పైన తలకట్టో, గుడో, కింద ఒత్తో ఉంటుంది. ‘రాష్ట్రం’ అనే మాటలో ‘ష’ కింద రెండు ఒత్తులు ఇమడాలి. ఇంగ్లిష్‌లో 12 పాయింట్లు సరిపోయాయి కదా అని తెలుగునూ అంతే పెడితే, అసలు అక్షరం కుంచించుకుపోయి ఒత్తులు చుక్కల్లా మిగులుతాయి. ‘ద’ లోపల చుక్క పడితే ‘థ’, కింద గీత పడితే ‘ధ’. చిన్న అచ్చులో ఆ తేడా సిరాలో పూడిపోతుంది. అందుకని తెలుగు కాగితానికి 14 పాయింట్లు కనీసం, 16 అయితే హాయి. పంక్తుల మధ్య దూరం అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లు ఉండాలి. లేకపోతే పైపంక్తి ఒత్తులు కిందిపంక్తి గుడులకు తగులుతాయి. రామభద్ర వంటి లావు ఫాంట్లు శీర్షికకు బాగుంటాయి, పేరాకు పనికిరావు. ముదురు రంగు మీద తెల్ల అక్షరాలు వేస్తే సన్నని గీతలు సిరాకు మూసుకుపోతాయి. చోటు చాలలేదని అక్షరాలను పక్కల నుంచి నొక్కడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. చోటు చాలకపోతే తగ్గించాల్సింది మాటలను.

ఇక గొంతు. ‘వెంటనే’, ‘ఈరోజే ఆఖరు’, ‘ఖాతా నిలిచిపోతుంది’, ‘లింకు నొక్కండి’. సైబర్ మోసగాళ్లు పెద్దవాళ్లకు పంపే మెసేజ్‌లు ఈ మాటలతోనే నడుస్తాయి. భయపెట్టి తొందరపెట్టడమే వాళ్ల పని. అసలు బ్యాంకు కూడా అదే గొంతుతో మాట్లాడితే రెంటికీ తేడా పెద్దాయనకు ఎలా తెలియాలి? అసలు కబురును మోసమనుకుని పక్కన పడేస్తారు, లేదా ఆ గొంతుకు అలవాటుపడి మోసాన్ని నమ్ముతారు. అందుకే నెమ్మదిగా చెప్పడం మర్యాద మాత్రమే కాదు, రక్షణ కూడా. నెమ్మదిగా చెప్పడమంటే గడువును దాచడం కాదు. తేదీ, అది దాటితే జరిగేది, దాన్ని సరిచేసుకునే దారి, మూడూ వరసగా చెప్పాలి.

పైన చూసిన కబురునే తిరిగి రాస్తే ఇలా ఉంటుంది:

‘నమస్కారం సుబ్బారావు గారూ. ఈ ఏడాది లైఫ్ సర్టిఫికెట్ నవంబరు 30 లోగా ఇవ్వండి. మీ పాస్‌బుక్, ఆధార్ కార్డు తీసుకుని మన బ్రాంచికి రావచ్చు. డెబ్బై దాటినవారు కోరితే మా ఉద్యోగే ఇంటికి వస్తారు. ఫోన్‌లో జీవన్ ప్రమాణ్ యాప్ ద్వారా కూడా ఇవ్వొచ్చు. గడువు దాటితే పెన్షన్ ఆగుతుంది. సర్టిఫికెట్ ఇచ్చాక ఆగిన మొత్తం కూడా మీ ఖాతాలో పడుతుంది. ఈ పని కోసం మేము ఓటీపీ అడగం, లింకు పంపం. సందేహముంటే మీ పాస్‌బుక్ మీదున్న బ్రాంచి నంబరుకు ఫోన్ చేయండి.’

ఇందులో పేరు పక్కన ‘గారు’ ఉంది. ‘తాతగారూ’, ‘బామ్మగారూ’ లేవు. ఆ వరసలు మనవలవి, కంపెనీవి కావు. ‘మీ పిల్లల సాయం తీసుకోండి’ అనీ లేదు. ఆ మాట పెద్దాయనకు చేతకాదని ముందే తేల్చేస్తుంది, పిల్లలు దూరంగా ఉన్నవారిని నొప్పిస్తుంది. ఫోన్ నంబరు కోసం కొత్త అంకెలు ఇవ్వకుండా పాస్‌బుక్ చూడమనడం కూడా కావాలనే. నకిలీ కబురులో ఏ నంబరైనా వేయొచ్చు. ఇంట్లో ఉన్న పాస్‌బుక్ మీది నంబరును ఎవరూ మార్చలేరు.

బొమ్మల విషయంలో రెండు తప్పులు కనబడతాయి. ఒకటి వంగిన నడుం, వణికే చేయి, ముఖమే లేని ముడతల వేళ్లు. రెండోది సముద్రపు ఒడ్డున పరుగెత్తే నెరిసిన జుట్టు దంపతులు. మొదటిది జాలి పుట్టిస్తుంది, రెండోది మనవాళ్లెవరికీ సంబంధం లేని జీవితం. బ్రిటన్‌లో సెంటర్ ఫర్ ఏజింగ్ బెటర్ అనే సంస్థ 2021లో వయోధికుల మామూలు జీవితాన్ని చూపే ఫొటోల భాండాగారాన్ని తెరిచి, ఎవరైనా ఉచితంగా వాడుకునేలా పెట్టింది. మన సంస్థలు తమ బ్రాంచిలోనే అలాంటి ఫొటోలు తీయించుకోవచ్చు. కౌంటరు దగ్గర ఫారం నింపుతున్న రిటైర్డ్ టీచరమ్మ, పాస్‌బుక్ చూసి లెక్క సరిచూసుకుంటున్న రైతు. ముఖం కనపడాలి, చేతిలో పని ఉండాలి, పక్కనున్న ఉద్యోగి వారికంటే ఎత్తున నిలబడకూడదు.

ఇదంతా కుదిరిందో లేదో ఆఫీసు ట్యూబులైట్ల కింద తేలదు. అచ్చుకు ముందు నలుగురైదుగురు పెద్దల దగ్గరకు, సాయంత్రంపూట, వాళ్ల ఇంటికే తీసుకెళ్లాలి. ‘అర్థమైందా అండీ?’ అని అడిగితే మర్యాదకు అవుననేస్తారు. ‘ఇప్పుడు మీరేం చేస్తారు? ఎప్పటిలోగా? అనుమానమొస్తే ఎవరిని అడుగుతారు?’ అని అడగాలి. మూడింటికీ కాగితం చూసి వాళ్లే జవాబు చెబితే అచ్చుకు పంపొచ్చు. వాళ్లు కాగితాన్ని దూరంగా పట్టినా, దీపం కిందికి జరిగినా, ఒకే పంక్తిని రెండోసారి వేలితో వెతుక్కున్నా లోపం అక్షరాల్లో ఉన్నట్టు. చదివాక తప్పు తేదీ చెబితే లోపం వాక్యంలో ఉన్నట్టు. ఏది దిద్దాలో వాళ్లే చూపించారు కనుక, దిద్దాక మళ్లీ వాళ్లకే చూపించాలి.