ఏ రిక్వెస్టు, ఏ సెకను?

డబ్బు కడుతుంటే తెరపై `504 Gateway Timeout` అని వస్తుంది. లోపలి సర్వర్ గడువులోగా బదులివ్వలేదని మధ్యనున్న గేట్‌వే చెప్పే మాట అది. ప్రతిసారీ వస్తే పట్టుకోవడం తేలిక. ఎప్పుడో ఒకసారి వస్తేనే తలనొప్పి.

అప్పుడు బ్యాకెండ్ డెవలపర్ పేమెంట్ కంపెనీకి "మీ సర్వర్ అప్పుడప్పుడూ ఆగిపోతోంది" అని రాస్తే, "మా దగ్గర అంతా బాగానే ఉంది" అనే జవాబే వస్తుంది. అది అబద్ధమూ కాకపోవచ్చు. వేల రిక్వెస్టుల సగటులో ఆ రెండు మూడూ కనబడవు. పనికొచ్చే ఉత్తరంలో ఇలాంటి వరుసలుంటాయి:

```
09:47:05 UTC  req_8c02de  504  60.0s
09:47:06 UTC  req_8c02e4  200   0.4s
```

`req_` తో మొదలయ్యేది ఆ ఒక్క రిక్వెస్టుకు కంపెనీ ఇచ్చిన గుర్తింపు. దానితో వాళ్లు తమ లాగ్‌లో నేరుగా ఆ చోటికే వెళ్తారు. మన గడియారం UTC కంటే అయిదున్నర గంటలు ముందుంటుంది కాబట్టి, ఏ సమయమో రాయకపోతే వేరే పూట లాగ్ తిరగేస్తారు.

అసలు సాక్ష్యం చివరి అంకెలో ఉంది. సరిగ్గా 60 సెకన్లంటే గేట్‌వే గడువు ముగిసిందన్నమాట. nginx లో మామూలుగా ఉండే గడువు అంతే. మరుసటి సెకనులో ఇంకొకటి చిటికెలో పూర్తయింది కనుక, వెనకున్న సర్వర్లలో ఏదో ఒకటే మొరాయిస్తోందేమోనని అనుమానించాలి. అందుకే ఉత్తరంలో సూటిగా అడగాలి: ఈ రెండూ ఏ సర్వర్లకు వెళ్లాయి? మొదటిదానిలో డబ్బు కట్ అయిందా?

రెండో ప్రశ్న మరవొద్దు. 504 వచ్చినా చెల్లింపు జరిగిపోయి ఉండొచ్చు. ఇక కార్డు నంబర్లు, రహస్య కీలు మాత్రం ఆ ఉత్తరంలో అతికించకండి.