పని చేస్తున్న పదేళ్ల ఎస్‌ఎంపీఎస్‌ను ఎప్పుడు మార్చాలి?

విజయవాడలో నాకు తెలిసిన ఒక ఫొటో స్టూడియోలో 2015లో అసెంబుల్ చేయించిన కంప్యూటర్ ఇప్పటికీ పెళ్లి ఆల్బమ్‌లు తయారుచేస్తూనే ఉంది. మధ్యలో ర్యామ్ పెంచారు, హార్డ్‌డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ పెట్టారు, గ్రాఫిక్స్ కార్డు మార్చారు. ఎస్‌ఎంపీఎస్ మాత్రం మొదటి రోజున బిగించిందే. పోయిన వేసవి నుంచి కొత్త తంటా ఒకటి మొదలైంది. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులో మానిటర్ వెలుగుతూనే ఉంటుంది, సీపీయూ మాత్రం రీస్టార్ట్ అయిపోతుంది. అంతకుముందు ఏళ్ల తరబడి కరెంటు పోయిన సంగతి కంప్యూటర్‌కు తెలిసేదే కాదు. యజమాని అనుమానమంతా ఇన్వర్టర్ బ్యాటరీ మీద. “ఎస్‌ఎంపీఎస్ బాగానే పని చేస్తోంది కదండీ, దాని జోలికెందుకు?” అన్నారాయన.

బాగానే పని చేస్తోంది, నిజమే. కరెంటు ఉన్నంతసేపు. కరెంటు లేని ఆ కొద్ది మిల్లీసెకన్లలో దాని పని తీరు ఏమిటన్నదే అసలు ప్రశ్న.

గోడ నుంచి వచ్చే 230 వోల్టుల ఏసీని ఎస్‌ఎంపీఎస్ ముందు డీసీగా మారుస్తుంది. ఇప్పటి యూనిట్లలో ఆ డీసీ దాదాపు 380 వోల్టులకు చేరి, బొటనవేలికంటే లావుగా ఉండే ఒక కెపాసిటర్‌లో నిలవ అవుతుంది. మేడ మీది నీళ్ల ట్యాంకు చేసే పనే ఇదీ చేస్తుంది. మోటారు ఆగినా కుళాయిలో కాసేపు నీళ్లు వస్తాయి చూడండి, అలాగే కరెంటు ఆగినా కాసేపు సరఫరా నిలబడుతుంది. ఆ కాసేపు ఎంత? స్టూడియోలోని తరగతి యూనిట్‌లో ఈ కెపాసిటర్ 220 మైక్రోఫారడ్లు ఉందనుకుందాం. 380 వోల్టుల నుంచి 300కు పడిపోయేలోపు అది ఇవ్వగలిగేది సుమారు 6 జౌళ్ల శక్తి. కంప్యూటర్ 300 వాట్లు లాగుతుంటే అది 20 మిల్లీసెకన్లకు సరిపోతుంది. కంప్యూటర్‌కు పనికొచ్చే యూపీఎస్ మోడ్‌లో ఇన్వర్టర్ మారడానికి పది మిల్లీసెకన్లు, కొన్నిసార్లు అంతకు కాస్త ఎక్కువ పడుతుంది. కనుక కొత్తలో ఇబ్బంది లేదు. పదేళ్లకు ఆ కెపాసిటర్ సామర్థ్యంలో నలభై శాతం పోయిందనుకోండి, మిగిలేది 12 మిల్లీసెకన్లు. ఇక ఆ రోజు ఇన్వర్టర్ ఎంత చురుగ్గా మారితే అంత అదృష్టం. ఆల్బమ్ ఎక్స్‌పోర్ట్ అవుతున్నప్పుడే రీస్టార్ట్ ఎక్కువగా జరుగుతుండేదంటే కారణం కూడా ఇదే. ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు గట్టిగా పని చేస్తున్నప్పుడు నిలవ తొందరగా ఖర్చవుతుంది.

సామర్థ్యం పోవడమంటే ఏమిటో చూద్దాం. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ లోపల రెండు అల్యూమినియం రేకులు, వాటి మధ్య ద్రవంలో నానిన కాగితం చుట్టగా చుట్టి ఉంటాయి. అడుగున రబ్బరు బిరడా. వేడికి ఆ ద్రవం ఆవిరై, ఏళ్ల తరబడి రబ్బరు గుండా సన్నగా బయటికి పోతుంటుంది. ద్రవం తగ్గేకొద్దీ సామర్థ్యం తగ్గుతుంది, లోపలి నిరోధం పెరుగుతుంది. నిరోధం పెరిగితే కెపాసిటర్ తనంతట తానే మరింత వేడెక్కుతుంది, ఆ వేడికి మరింత ద్రవం పోతుంది. అందుకే మొదటి ఏడెనిమిదేళ్లు ఏమీ కానట్టుండి, తర్వాత ఏడాదిలోనే పరిస్థితి ఒక్కసారిగా దిగజారుతుంది.

కెపాసిటర్ మీద 105 డిగ్రీలు అని రాసి ఉంటుంది. దాని వివరాల పత్రంలో ఆ వేడి దగ్గర 2000 గంటలు అని ఉంటుంది. 2000 గంటలకు చచ్చిపోతుందని కాదు. సామర్థ్యం ఇరవై శాతం తగ్గడం లాంటి ఒక గీతను అప్పటికి చేరవచ్చని. వేడి ప్రతి పది డిగ్రీలు తగ్గితే ఆయుష్షు రెట్టింపవుతుందన్నది ఈ రంగంలో అందరూ వాడే లెక్క. స్టూడియోలో ఏసీ ఎడిటింగ్ గదికి లేదు, షూటింగ్ గదికే ఉంది. ఎండాకాలంలో గదిలో 38 డిగ్రీలు, క్యాబినెట్‌లో అంతకంటే ఎక్కువ, ఎస్‌ఎంపీఎస్ లోపల కెపాసిటర్ దగ్గర 65 అనుకుందాం. 105 నుంచి 65కు నాలుగు పదులు, అంటే ఆయుష్షు నాలుగుసార్లు రెట్టింపై 32,000 గంటలవుతుంది. రోజుకు పదకొండు గంటలు, ఏడాదికి మూడు వందల రోజులు నడిస్తే పదేళ్లకు 33,000 గంటలు. చలికాలం చల్లదనం కాస్త కలిసొచ్చినా స్టూడియో యూనిట్ సరిగ్గా ఆ గీత దగ్గరే ఉందన్నమాట. చవక యూనిట్లలో ఈ పెద్ద కెపాసిటర్ మీద 105కు బదులు 85 అని ఉంటుంది. అదే లెక్కలో దాని ఆయుష్షు 8,000 గంటలే. మరోవైపు, రోజుకు రెండు మూడు గంటలు మాత్రమే, అదీ చల్లటి గదిలో వాడే ఇంటి కంప్యూటర్‌కు పదేళ్లయినా సగం వయసు కూడా రాకపోవచ్చు. కొన్న తేదీని మాత్రమే చూసి తీర్పు చెప్పేవాళ్లను నేను పెద్దగా నమ్మను. అలాగే పెట్టె మీది 80 ప్లస్ ముద్ర కూడా ఆయుష్షుకు హామీ కాదు. అది ఎంత కరెంటు వృథా కాకుండా వాడుతుందో చెప్పే ముద్ర, ఆ పరీక్ష కూడా 23 డిగ్రీల దగ్గర చేసేది.

ఈ గంటల లెక్కలోకి రానిది ఒకటుంది. కంప్యూటర్ షట్‌డౌన్ చేసినా స్విచ్ బోర్డు మీద స్విచ్ ఆన్‌లో ఉంటే, ఎస్‌ఎంపీఎస్‌లో స్టాండ్‌బై అనే చిన్న భాగం 5 వోల్టులు ఇస్తూనే ఉంటుంది. పవర్ బటన్ నొక్కినప్పుడు మేలుకొలిపేది అదే. అక్కడి కెపాసిటర్లు చిటికెన వేలి గోరంత ఉంటాయి, తరచూ వేడి భాగాలకు ఆనుకునే ఉంటాయి, పైగా షట్‌డౌన్ తర్వాత ఫ్యాను కూడా తిరగదు. స్విచ్ ఎప్పుడూ ఆపకపోతే పదేళ్లకు వాటి ఖాతాలో 87,600 గంటలు. పొద్దున్నే బటన్ రెండు మూడుసార్లు నొక్కితే గానీ లేవని, ఒకసారి లేచాక రోజంతా చక్కగా నడిచే కంప్యూటర్లలో చాలాసార్లు తప్పు ఇక్కడే ఉంటుంది. చవక పాత డిజైన్లలో స్టాండ్‌బై కెపాసిటర్ ఒకటి ఎండిపోతే ఆ 5 వోల్టులు అదుపు తప్పి పెరిగి మదర్‌బోర్డును కూడా తీసుకుపోతాయి. రాత్రి వెళ్లేటప్పుడు స్విచ్ ఆపే అలవాటు కరెంటు బిల్లుకంటే వీటికే ఎక్కువ మేలు చేస్తుంది.

స్టూడియో విషయానికి వస్తే, ముందు చూడాల్సింది ఇన్వర్టర్ వెనకాలి మోడ్ స్విచ్. ఎవరైనా దాన్ని యూపీఎస్ నుంచి మామూలు మోడ్‌కు తిప్పి ఉంటే మారే సమయం పెరిగిపోతుంది, తప్పు కంప్యూటర్‌ది కాదు. అది యూపీఎస్‌లోనే ఉంది. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో రీస్టార్ట్ అయిన ప్రతిసారీ `Kernel-Power`, ఈవెంట్ నంబరు 41 నమోదైంది. సరిగా షట్‌డౌన్ కాకుండానే ఆగిపోయిందని మాత్రమే దాని అర్థం, ఎవరి తప్పో అది చెప్పదు. అయితే ఆ సమయాలన్నీ కరెంటు పోయిన సమయాలతో సరిపోయాయి. తర్వాత బిల్లింగ్ కంప్యూటర్‌లోని రెండేళ్ల యూనిట్‌ను తెచ్చి దీనికి బిగించి, ఎక్స్‌పోర్ట్ నడుస్తుండగా మెయిన్ ఆపి వేసి చూశాం. ఎన్నిసార్లు ఆపినా కంప్యూటర్ కదల్లేదు. పాతది పెట్టగానే మళ్లీ రీస్టార్ట్. బ్యాటరీ కొనే ఖర్చు తప్పింది.

ఇలాంటి మార్పిడి పరీక్షకు సాటి వచ్చేది ఇంట్లో మరొకటి లేదు. మల్టీమీటర్‌తో 12 వోల్టుల లైను కొలిస్తే 11.4 నుంచి 12.6 మధ్య ఉండాలి, ఉంటుంది కూడా. కానీ మీటరు సగటునే చూపిస్తుంది. ముసలి కెపాసిటర్ల వల్ల ఆ 12 వోల్టుల మీద సెకనుకు వేలసార్లు ఎగిసిపడే అలల్ని చూడాలంటే ఆసిలోస్కోప్ కావాలి. ఆ అలలు 120 మిల్లీవోల్టులు దాటకూడదన్నది ఏటీఎక్స్ ప్రమాణం. జల్లెడ సందులోంచి టార్చి వేసి చూస్తే తల ఉబ్బిన కెపాసిటర్ కనిపిస్తే, అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. కనిపించకపోయినంత మాత్రాన బాగున్నట్టు కాదు, చాలావి ఉబ్బకుండానే ఎండిపోతాయి. ఫ్యాను గరగరలాడినా, చేత్తో ముట్టుకుంటే ఎస్‌ఎంపీఎస్ వెనక గాలి మునుపటికంటే వేడిగా వచ్చినా కెపాసిటర్ల మీద భారం పెరిగినట్టే.

మరి ఏ లక్షణమూ లేని పదేళ్ల యూనిట్? మంచి రకానిదై, తక్కువ గంటలు నడిచి, దాని సామర్థ్యంలో సగం కూడా లాగని కంప్యూటర్‌లో ఉంటే, నేనైతే ఉంచేస్తాను. మూడు సందర్భాల్లో మాత్రం లక్షణాల కోసం ఎదురుచూడను. రోజంతా నడిచే, కూడు పెట్టే కంప్యూటర్ అయితే. ఏ రకమో తెలియని చవక యూనిట్ అయితే. కొత్త గ్రాఫిక్స్ కార్డు బిగించబోతుంటే. ఈనాటి కార్డులు సెకనులో అతి చిన్న భాగంపాటు తమ మామూలు వాడకానికి రెట్టింపు దాకా లాగుతాయి. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం యూనిట్లు అలాంటి కుదుపుల్ని తట్టుకోవాలని చెప్పింది. 2015 నాటి యూనిట్‌ను ఎవరూ ఆ అవసరానికి తయారుచేయలేదు, అందులో పదేళ్లు ఎండిపోయి కూడా ఉంది. నాలుగైదు వేల రూపాయలకు మంచి 550 వాట్ల యూనిట్ వస్తుంటే, ముప్పై వేల కార్డును దాని మీద పెట్టడం లెక్కకు అందదు.

మార్చేటప్పుడు రెండు జాగ్రత్తలు. విడదీసే కేబుళ్లున్న మాడ్యులర్ యూనిట్ అయితే, పాత కేబుళ్లు చక్కగా అమర్చి ఉన్నాయి కదా అని వాటిని కొత్త యూనిట్‌కు తగిలించకండి. మదర్‌బోర్డు వైపు, డిస్క్ వైపు పిన్నుల వరుసకు ప్రమాణం ఉంది గానీ, ఎస్‌ఎంపీఎస్ వైపు లేదు. కంపెనీ కంపెనీకే కాదు, ఒకే కంపెనీ మోడళ్ల మధ్య కూడా తేడా ఉంటుంది. సాకెట్‌లో సరిగ్గా కూర్చుంటుంది, 5 వోల్టులు వెళ్లాల్సిన చోటికి 12 వెళ్తాయి, ఎస్‌ఎస్‌డీ డేటాతో సహా పోతుంది. కొత్త యూనిట్ పెట్టెలో వచ్చిన కేబుళ్లే వాడాలి. ఇక తీసేసిన పాత యూనిట్‌ను తెరిచి కెపాసిటర్ మార్చుకుందామన్న సరదా ఎలక్ట్రానిక్స్ చేయి తిరిగినవారికే వదిలేయండి. ప్లగ్గు పీకేశాక కూడా ఆ పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా కాసేపు నిలిచే ఉంటాయి. ఆ చార్జిని ఖాళీ చేసే ఏర్పాటు ప్రతి యూనిట్‌లోనూ సరిగా పని చేస్తుందని అనుకోవడానికి లేదు.