ఎళ్ళు బెల్లం పళ్ళెం ముందర మీరు, మన, దాచుకోవడం

మా అవ్వది కోలారు దిక్కు. ఇంట్లో తెలుగే మాట్లాడేది గానీ సంక్రాంతి నాడు మాత్రం "నువ్వులు" అనేది కాదు, "ఎళ్ళు" అనేది. బెంగళూరుకు వచ్చినాక మేమూ అదే మాట పట్టుకున్నాము. పండగ సాయంత్రం ఆడవాళ్ళు, ఆడపిల్లలు పళ్ళేలు పట్టుకుని ఇంటింటికీ పోయి పంచేదాన్ని కన్నడంలో ఎళ్ళు బీరోదు అంటారు, మా ఇంట్లో ఎళ్ళు బీరేది అంటాము. తెల్ల నువ్వులు, సన్నగా తరిగిన బెల్లం, ఎండుకొబ్బరి ముక్కలు, వేయించిన శెనక్కాయ విత్తనాలు, పుట్నాల పప్పు కలిపిన పొట్లం ఒకటి. దాని పక్కన చెరకు ముక్క, రేగిపండ్లు, అరటిపండు. వీటన్నిటి మీద చిలక రూపంలోనో గోపురం రూపంలోనో పోసిన చక్కెర అచ్చు.

పళ్ళెం ఇచ్చేటప్పుడు చెప్పే మాట ఒకటి ఉంది: "ఎళ్ళు బెల్ల తిందు ఒళ్ళె మాతాడి." నువ్వులూ బెల్లం తిని మంచి మాటలు మాట్లాడండి అని. మహారాష్ట్రలో ఉండే మన తెలుగువాళ్ళకు దీని అక్కలాంటి మాట తెలిసే ఉంటుంది: "తిళ్‌గూళ్ ఘ్యా, గోడ్ గోడ్ బోలా." రెండిట్లోనూ క్రియను చూడండి. మాతాడి, ఘ్యా, బోలా, అన్నీ మర్యాద రూపాలే. చిన్నపిల్లలకైతే మాతాడు, ఘే, బోల్ అంటారు.

మనసులో ఒకరి మీద ఇష్టం ఉండి, ఆ మాట వాళ్ళకింకా చెప్పని వాళ్ళకు ఈ పండగ ఒక వీలు ఇస్తుంది. మంచిగా మాట్లాడండి అని అడిగే హక్కు ఆ ఒక్కరోజు అందరికీ ఉంటుంది కాబట్టి, పలకరించినందుకు ఎవరూ తప్పు పట్టరు. అయితే మర్యాద తప్పకుండా ఆ పలకరింపులో ఇష్టం కనిపించాలంటే ఎట్లా? ఈ పని పొగడ్తలు చేయవు, తెలుగు వ్యాకరణంలోని చిన్న చిన్న ముక్కలు చేస్తాయి. నేను దీన్ని తప్పు చేసి నేర్చుకున్నాను.

1994లో నేను డిగ్రీ చదివేవాణ్ణి. మా వీధిలోనే ఉండే ఒక అమ్మాయి ప్రతి సంక్రాంతికీ వాళ్ళమ్మతో కలిసి మా ఇంటికి పళ్ళెం తెచ్చేది. నన్ను "మీరు" అనేది, నేనూ "మీరు" అనేవాణ్ణి. ఆ ఏడాది గ్రీటింగ్ కార్డు కొని, లోపల "నువ్వు బెల్లం, నేను చేదు" అని రాసి ఇచ్చినాను. ఇంట్లో ఎప్పుడూ ఎళ్ళు అనే మేము నువ్వులు అనే తెలుగు మాట దొరకగానే అందులో "నువ్వు"ను చూసుకుని, భలే చమత్కారం చేసినానని మురిసిపోయినాను. కార్డు వాళ్ళన్న చేతికి పోయింది. ఆయన దాన్ని ఇంట్లో అందరి ముందరా పైకి చదివినాడంట. చదివితే వినిపించేది నువ్వుగింజ కాదు, "మీరు" అనాల్సిన పిల్లను "నువ్వు" అన్న మాటే. మరుసటి ఏడాది పళ్ళెం వచ్చింది గానీ, తెచ్చింది వాళ్ళ చెల్లెలు.

మొదటి సంగతి ఇదే. మనిషి ఎదురుగా ఉంటే నువ్వు, మీరు మధ్య దూరాన్ని నవ్వు, గొంతు సర్దేస్తాయి. రాతలో ఆ సాయం ఉండదు. పైగా పండగ శుభాకాంక్షలు ఇంట్లో పదిమందీ చూసే రాత. ఇన్నాళ్ళూ "మీరు" అన్న మనిషిని పండగ నాడు "నువ్వు" అంటే, అవతలి మనిషిని అడగకుండానే ఒక మెట్టు పైకెక్కినట్టు. ఎక్కమని వాళ్ళు చెప్పేదాకా "మీరు"లోనే ఉండాలి. పేరు పక్కన "గారు" పెడితే ఈడువాళ్ళ మధ్య బిగుసుకున్నట్టు అనిపిస్తుంది కదా అంటే, పేరు పెట్టకపోయినా పర్వాలేదు. "చెప్పండి, వస్తారు" అనే క్రియల్లోనే మర్యాద ఉంది. "అక్కా, అన్నా" అంటే తలుపు మనమే మూసుకున్నట్టు. "బావా, మరదలా" అంటే సంబంధం మనమే కలుపుకున్నట్టు. ఏ వరసా పెట్టకుండా ఉండడమే ఇక్కడ మేలు.

రెండోది "మన". తెలుగులో వినేవాళ్ళను కలుపుకుంటే మనం, వదిలేస్తే మేము. తమిళంలో నామ్, నాంగళ్ అని ఈ తేడా ఉంది. మరాఠీలో ఆపణ్, ఆమ్హీ అని ఉంది. ఇప్పటి కన్నడంలో మాత్రం లేదు, రెండిటికీ "నావు", రెండిటికీ "నమ్మ". అందుకే కన్నడ బడుల్లో చదివిన మా ఇంటి పిల్లలు "నమ్మ" అని తలచుకుని తెలుగులో అన్నిచోట్లా "మా" పెట్టేస్తారు. మామూలుగా దాంతో నష్టమేమీ లేదు గానీ, ఇట్లాంటి చోట ఉంది.

మొన్నటి సంక్రాంతికి ముందు నా తమ్ముడి కొడుకు ఫోను పట్టుకుని వచ్చినాడు. వాడికి తెలుగు మాటలు వస్తాయి గానీ తెలుగు అక్షరాలు రావు, కన్నడ లిపిలో తెలుగు రాస్తాడు. "పెద్నాయనా, ఇది పంపిస్తే తప్పా?" అని చదివి వినిపించినాడు:

"నీ నవ్వు ముందర ఎళ్ళు బెల్లం గూడా చప్పగా ఉంటాది. హ్యాపీ సంక్రాంతి. మా వీధికి ఎళ్ళు బీరను వస్తావా?"

ఆ అమ్మాయి వాళ్ళ ఇల్లు అదే వీధిలో చివర. పోయిన ఏడాది పళ్ళెం తెచ్చింది, రెండు మాటలు మాట్లాడింది, అంతే పరిచయం. "నీ" సంగతి, "వస్తావా" సంగతి వాడికి చెప్పినాను. "నవ్వు" గురించి కూడా చెప్పినాను. మనిషి రూపాన్ని పొగిడితే ఆ పిల్ల మురిసిపోవాలి, లేకపోతే కోప్పడాలి, మధ్యలో ఊరికే ఉండే దారి లేదు. పండగపూట ఎవరినీ అట్లా ఇరికించకూడదు. వాడు అసలు చూడనిది "మా వీధి". ఆమె కూడా ఉండే వీధిని ఆమెతో "మా వీధి" అంటే, ఆమెను బయట నిలబెట్టినట్టే. దగ్గర కావాలని రాసిన మాట తోసేస్తా ఉంది.

"అయితే అన్నిటికీ మన పెడతా" అన్నాడు. అదీ కాదు. "మన ఇంటికి రండి" అంటే అది పెళ్ళయినాక అనాల్సిన మాట. నిజంగా ఇద్దరిదీ అయినదానికే "మన" పెట్టాలి. మన వీధి, మన బస్టాపు, మన ఊరి జాతర, ఇవి అబద్ధాలు కావు కాబట్టి ఎవరు చదివినా తప్పు పట్టలేరు. కానీ చదివే మనిషికి ఇష్టముంటే ఆ "మన" చల్లగా తగులుతుంది. ఇష్టం లేకపోతే వీధి మాటే అనుకుని ఊరికే ఉండవచ్చు.

మూడోది "కొను". తెలుగులో క్రియకు ఇది చేరితే పని చేసినవాడికే ఆ పని ఫలం అని అర్థం వస్తుంది. దాచినాను అంటే వస్తువును ఒకచోట పెట్టినాను అని. దాచుకున్నాను అంటే నాకోసం, నా ఇష్టం కొద్దీ పెట్టుకున్నాను అని. పోయిన ఏడాది ఆమె తెచ్చిన చక్కెర చిలకను వీడు తినలేదు. చీమలు పట్టకుండా మూత గట్టిగా ఉండే డబ్బాలో పెట్టి ఉంచినాడు. ఈ మాట బయటికి వచ్చినాక, ఆమెకు చెప్పాల్సింది ఇదేనని నాకనిపించింది. నవ్వును ఎవరైనా పొగుడుతారు, చిలక సంగతి మాత్రం వాళ్ళిద్దరికే తెలిసింది. దాన్ని మూడు రకాలుగా చెప్పవచ్చు. "చిలకను దాచుకున్నాను" అంటే మనసు మొత్తం విప్పినట్టే. "చిలకను దాచినాను" అంటే ఎందుకు దాచినావని అడిగే వీలు ఇస్తుంది. "చిలక ఇంకా మా ఇంట్లో ఉండాది" అంటే చేసిన మనిషే వాక్యంలో లేడు. ఇష్టమున్న వాళ్ళకు అర్థమవుతుంది, లేనివాళ్ళకు అది చక్కెర బొమ్మ కబురు. రెండు మాటల పరిచయానికి మూడోదే సరిపోతుంది. పరిచయం పెరిగినాక, ఇంకో పండగకు, రెండోది. మొదటిది ఆమె దగ్గరనుంచి ఏదైనా సైగ వచ్చినాక.

చివరికి వాడు పంపింది ఇది:

"సంక్రాంతి శుభాకాంక్షలండీ, ఇంట్లో అందరికీ చెప్పండి. పోయిన ఏడాది మీరు తెచ్చిన చక్కెర చిలక ఇంకా మా ఇంట్లోనే ఉండాది. ఈసారి మన వీధిలో ఎళ్ళు బీరను ఎప్పుడు బయల్దేరుతారు?"

"మా ఇంట్లో", "మన వీధిలో" ఎక్కడిదక్కడ ఉన్నాయి చూడండి. చివరి ప్రశ్నకు సాయంత్రం అని ఒక్క ముక్కలో జవాబివ్వవచ్చు. ఆమె వాళ్ళమ్మ చదివినా ఇబ్బంది లేదు. పంపేముందు చూసుకోవాల్సింది కూడా ఇదే: వాళ్ళన్న పైకి చదివితే ఆ పిల్ల తలవంచుకోవాల్సి వస్తుందా? నా కార్డుకు ఆ పరీక్ష నేను పెట్టలేదు.

జవాబును చదివేటప్పుడు కూడా ఈ ముక్కలే పనికొస్తాయని వాడికి ముందే చెప్పి ఉంచినాను. "మీకూ, మీ ఇంట్లో అందరికీ" అని మాత్రం వస్తే, శుభాకాంక్షలు తీసుకుంది, మిగతాది పక్కన పెట్టింది అని. మళ్ళీ చిలక మాట ఎత్తకూడదు. "థాంక్స్ అన్నా" అని వస్తే ఇంకా స్పష్టం, వరస ఆమే పెట్టేసింది, దాన్ని నవ్వుతూ ఒప్పుకోవాలి. జవాబే రాకపోతే అదీ ఒక జవాబే, ఉగాది దాకా వేరే సందేశం పోకూడదు. మనం అడగనిది ఏదైనా ఆమె కలిపి రాస్తే మాత్రం, అప్పుడు మాట్లాడడానికి చోటు ఉన్నట్టు.

మధ్యాహ్నం జవాబు వచ్చింది. వాడు వంటింట్లోకి పరుగెత్తుకొచ్చి చూపించినాడు:

"అమ్మా నేనూ ఆరింటికి వస్తాము. చిలకను ఇంక తినేయండి, చీమలు పడతాయి. ఈసారి ఏనుగు తెస్తాను."

"వస్తాము అంటా ఉంది పెద్నాయనా, అమ్మతో వస్తుందంట" అని మొహం చిన్నది చేసుకున్నాడు. అమ్మతోనే వస్తుంది, పండగ పద్ధతి అదే కదా అన్నాను. వచ్చేది ఇద్దరూ కాబట్టి అక్కడ "వస్తాము" అంది. చివరి మాటను ఇంకోసారి చదువుకోమన్నాను. అక్కడ "తెస్తాము" అని లేదు.