ఎందుకో చెప్పే రెండు ముక్కలు

లింక్డ్‌ఇన్‌లో ఎవరైనా కనెక్షన్ రిక్వెస్ట్ పంపితే, అందుకున్నవారికి కనిపించేవి నాలుగే: పేరు, ఫొటో, పేరు కింద ఉద్యోగం గురించి ఒక వరుస, ఇద్దరికీ తెలిసినవాళ్లు ఎందరో. పంపింది ఎవరో వీటితో కొంత తెలుస్తుంది కానీ, ఎందుకు పంపారో తెలియదు. ఖాళీ రిక్వెస్ట్ అక్కడే ఆగిపోతుంది. కారణం ఊహించుకునే పని అవతలివారి మీద పడుతుంది. ఆ పని వాయిదా వేయడం చాలా తేలిక, ఎందుకంటే పక్కన పెట్టేసినా పంపినవారికి కబురు వెళ్లదు.

ఉదాహరణకు, బాపట్లలో ఫుడ్ టెక్నాలజీ చదివే అమ్మాయి గుంటూరు కోల్డ్ స్టోరేజీలో నాణ్యత చూసే అధికారిణికి ఇలా రాసిందనుకుందాం: "నమస్తే మేడమ్. కోల్డ్ స్టోరేజీలో మిర్చి రంగు తగ్గడంపై మీ పోస్టు చదివాను. బాపట్లలో ఫుడ్ టెక్నాలజీ చివరి ఏడాది, నా ప్రాజెక్టూ అదే. మీ పోస్టులు చూస్తుండాలని పంపుతున్నాను." ఉచిత ఖాతాకు దొరికే 200 అక్షరాల్లో ఇది సరిపోతుంది. మిర్చి రంగు ప్రస్తావన చాలు, ఇది వందమందికి పంపిన మూస కాదని తెలియడానికి. అంతకన్నా ముఖ్యం చివరి వాక్యం. అమ్మాయి ఉద్యోగం అడగబోతోందా, ఏదైనా అమ్మబోతోందా అన్న శంక దాంతో తీరిపోతుంది.

కారణం చెబితే మనుషులు ఒప్పుకుంటారని 1978లో ఎలెన్ లాంగర్ బృందం ప్రచురించిన ప్రయోగం చూపింది. జిరాక్స్ మెషీన్ దగ్గర ఉన్నవారిని, అయిదు పేజీలే, ముందు తీసుకోనిస్తారా అని అడిగితే 60 శాతం ఒప్పుకున్నారు. తొందరలో ఉన్నామని చెబితే 94 శాతం. కాపీలు తీయాలి కాబట్టి అని అర్థం లేని కారణం చెప్పినా 93 శాతం! అయితే 20 పేజీలని అడిగినప్పుడు ఆ ఉత్తుత్తి కారణం పనిచేయలేదు. కారణం చెప్పనివారికీ, అది చెప్పినవారికీ ఒకే ఫలితం: 24 శాతం. అసలైన తొందరకు మాత్రం 42 శాతం.

అది ముఖాముఖి అడిగిన సాయం, ఇది తెర మీది పరిచయం. తేడా ఉన్నా పోలిక పనికొస్తుంది. తన పోస్టులూ పరిచయస్తులూ అపరిచితులకు కనిపించడం చిన్న విషయం కాదనుకునేవారి దగ్గర, "మీ నెట్‌వర్క్‌లో చేరాలనుంది" అన్న మాట ఉత్తుత్తి కారణమే. కనెక్ట్ నొక్కడమే ఆ మాట చెబుతోంది కదా.

నోట్ ఎదురుతిరిగే సందర్భాలూ ఉన్నాయి. మొదటి వాక్యంలోనే సరుకు అమ్మకం మొదలైతే, ఖాళీ రిక్వెస్ట్‌కు దక్కే సందేహలాభం కూడా పోతుంది. మూసలో పాత పేరు మార్చకుండా పంపినా అంతే. నిన్నటిదాకా పక్క సీట్లో పనిచేసినవారికి మాత్రం నోట్ అవసరం లేదు, పేరే కారణం.

ఉచిత ఖాతాకు నెలకు కొన్ని నోట్లే దొరుకుతాయి కాబట్టి వాటిని అపరిచితులకు దాచుకోవడం మంచిది. సూచనల జాబితాలో కనెక్ట్ నొక్కితే చాలాసార్లు నోట్ అడగకుండానే రిక్వెస్ట్ వెళ్లిపోతుంది, ముందు వారి ప్రొఫైల్ తెరవాలి. పొరపాటున ఖాళీగా పంపి వెనక్కి తీసుకుంటే, అదే మనిషికి మళ్లీ పంపడానికి మూడు వారాల దాకా ఆగాల్సి వస్తుంది.